అరుంధతి ఆగలేదు

అరుంధతికి డ్రైవింగ్ లైసెన్సు ఉంది. మయూర్ విహార్ ఫేజ్ వన్ సొసైటీలో తన ఫ్లాటు పేరు మీద పార్కింగు జాగా ఉంది. లేనిదల్లా కారు. రెండేళ్ళ కిందట వాళ్ళ డీజిల్ బండికి పదేళ్ళు నిండాయి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదు కాబట్టి, కాగితాలు చేయించి రాజస్థాన్ నుంచి వచ్చిన ఒకాయనకు ఉన్న ధరకు ఇచ్చేశారు. ఆ సాయంత్రమే భర్త రఘురామ్ ప్రకటించాడు: "ఇక కొంటే ఎలక్ట్రిక్ కారే. కానీ ఇప్పుడే కాదు."

రఘురామ్ ఒక మంత్రిత్వ శాఖలో డిప్యూటీ సెక్రటరీ. తొందరపడి సంతకం పెట్టినందుకు ఇబ్బందిపడ్డవాళ్ళను చూశాడు గానీ, ఆగినందుకు ఇబ్బందిపడ్డవాళ్ళను ఆయన సర్వీసులో చూడలేదు. అందుకే ఎలక్ట్రిక్ కార్ల గురించి చదవడం మొదలుపెట్టాడు. చదివేకొద్దీ ఆగాలనిపించేది. ఈ ఏడు బ్యాటరీ కన్నా వచ్చే ఏడు బ్యాటరీ పెద్దది. ధర చూస్తే తక్కువ. ఆపై ఏడు వచ్చేది ఇంకా త్వరగా చార్జి అవుతుంది. ఈలోగా ఎక్కడో జపాన్‌లోనో చైనాలోనో ద్రవం లేని ఘన బ్యాటరీ తయారవుతోందట.

"అది వచ్చాక ఇవన్నీ పాత ఇనుమే అరుంధతీ. ఇవాళ కొన్నవాడు రేపు ఎవడికి అమ్ముతాడు?" అనేవాడు.

"మనం అమ్మడానికి కొంటున్నామా?"

"కొనేటప్పుడే అమ్మడం గురించి ఆలోచించాలి."

ఆయనకు ఆగడంలో కష్టమేమీ లేదు. ఆఫీసుకు మెట్రోలో వెళ్తాడు, మెట్రోలో వస్తాడు. ఇబ్బందల్లా అరుంధతిది. స్కూల్లో జీవశాస్త్రం చెప్పి ముందుగానే రిటైరైంది. కూతురు హారిక గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగు రెండో ఏడు చదువుతూ హాస్టల్లో ఉంటోంది. మెట్రో మారి, ఇంకో మెట్రో మారి, అక్కణ్ణుంచి ఈ-రిక్షా ఎక్కి, చేతిలో క్యారేజీతో అక్కడికి చేరేసరికి పప్పు గడ్డకట్టేది, ఆమె నీరుగారేది. నర్సరీకి వెళ్ళి నాలుగు కుండీలు తెచ్చుకోవాలన్నా ఆటోవాడితో పంచాయితీయే. పార్కింగులో ఖాళీగా ఉన్న జాగాలో మొక్కలు పెంచుకుంటూ, ఆ మొక్కలు తెచ్చుకోవడానికి బండి లేక తిట్టుకునేది.

అలాంటి రోజుల్లో ఆమె కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి తలదాకా లేవదు, వెనక్కి తిరగదు. డాక్టరు మందులు రాసి, ఫిజియోథెరపీ చేయించుకోకపోతే నెలల తరబడి ఇలాగే ఉంటుందన్నాడు. ఇంటికే వచ్చి చేయించే ఫిజియోథెరపిస్టుగా ఎల్సా అలా వాళ్ళ గడపలోకి వచ్చింది.

ఎల్సాది నర్సాపురం దగ్గర ఊరు. తల్లి నర్సుగా ఢిల్లీ వస్తే ఆవిడతోపాటే వచ్చి ఇక్కడే చదువుకుంది. దిల్షాద్ గార్డెన్‌లో కాపురం. భర్త నోయల్ ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు. పొద్దున్నే బయల్దేరితే షాదరా, లక్ష్మీనగర్, మయూర్ విహార్, నోయిడా అంటూ పేషెంట్ల ఇళ్ళు చుట్టి, చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. ఆ చుట్టడమంతా తన తెల్ల ఎలక్ట్రిక్ కారులోనే. ఢిల్లీలో అలాంటి కారు కనబడితే జనం ఆగి చూసే రోజుల్లో కొన్నది.

మొదటి రోజు వేడికాపు పెడుతూ అడిగింది: "ఈ చెయ్యి బాగయ్యాక మొట్టమొదట ఏం చెయ్యాలనుంది ఆంటీ? చాలామంది జడ వేసుకోవాలి అంటారు."

"స్టీరింగు తిప్పాలి" అంది అరుంధతి. అని తనే ఆశ్చర్యపోయింది.

ఎల్సా నవ్వింది. "అచ్ఛా. అయితే గోడ మీద వేళ్ళు పాకించండి. రోజూ ఒక అంగుళం పైకి. కారేంటి మరి?"

పక్క గదిలోంచి రఘురామ్ జవాబు వచ్చింది. "కారు లేదమ్మా. ఆగుతున్నాం."

అప్పట్నించీ వారానికి మూడుసార్లు ఎల్సా రావడం, చెయ్యి పట్టి మెల్లగా తిప్పడం, అరుంధతి "అమ్మో" అనడం, రఘురామ్ ఇంట్లో ఉంటే కార్ల మీద ఉపన్యాసమివ్వడం ఆ ఇంట్లో మామూలైపోయింది. ఎల్సా వాదించేది కాదు. "అంకుల్ చెప్పేది తప్పు కాదు ఆంటీ" అనేది. "నేను కొన్నప్పుడు కంపెనీవాళ్ళు ఒక్క చార్జికి మూడొందల కిలోమీటర్లు అన్నారు. ఎండాకాలం రెండొందలు దాటి వచ్చేది. చలికాలం హీటరు వేస్తే అంతకూడా లేదు. ఇప్పుడు అంతకన్నా తక్కువ ధరకే దాదాపు రెట్టింపు దూరం పోయే బండి ఇస్తున్నారు."

"మరి బాధగా లేదూ?"

"రోజుకి వంద కిలోమీటర్లు తిరుగుతాను ఆంటీ. అప్పుడు ఆగి ఉంటే ఈ అయిదేళ్ళూ సీఎన్‌జీ లైన్లో నిలబడేదాన్ని. అమ్మబోయేదాకా బాధ తెలీదులెండి."

అక్టోబరులో ఆమెకు అమ్మాల్సిన అవసరం వచ్చింది. గ్రేటర్ నోయిడాలో కొత్తగా పెట్టిన ఒక పునరావాస కేంద్రంవాళ్ళు వారంలో నాలుగు రోజులు రమ్మన్నారు. దిల్షాద్ గార్డెన్ నుంచి అక్కడికి పోయి, దారిలో పేషెంట్లను చూసుకుని తిరిగి రావాలంటే పాత కారు చార్జి దాదాపు అడుగంటుతుంది. మధ్యలో ఎక్కడైనా ఫాస్ట్ చార్జరు దగ్గర ఆగుదామా అంటే, ఆ తరం కారు ఎంత పెద్ద చార్జరు పెట్టినా నింపాదిగానే తాగుతుంది. గంట పోతుంది. గంట అంటే ఒక పేషెంటు. అందుకని పెద్ద బ్యాటరీ ఉన్న కొత్త కారు చూసుకుంది. పాతదాన్ని అమ్మకానికి పెట్టింది.

పాత కార్లు కొనే ఒక కంపెనీ నుంచి కుర్రాడొచ్చి కారంతా తిరిగి చూశాడు. పెయింటు మందం కొలిచాడు, టైర్లు తట్టాడు, మీటరు చూసి పెదవి విరిచాడు. లక్షా పదివేల కిలోమీటర్లు. చివరికి అయిదు లక్షలు ఇస్తామన్నాడు. ఆమె కొన్నదాంట్లో మూడో వంతు.

ఆ మర్నాడు అరుంధతి చెయ్యి తిప్పుతూ ఎల్సా మధ్యలో ఆగిపోయింది. "నాకు తెలుసు ఆంటీ. పడిపోతుందని తెలుసు. అయినా అతను ఆ మాట అనేసరికి, మా అమ్మాయిని ఎవరో బాగోలేదన్నట్టు అనిపించింది. ఒక్క గీత లేదు బండి మీద."

"ఎందుకంత తక్కువ అడిగాడు?"

"మేడమ్, ఇంత డబ్బుకి ఇంకొంచెం వేసుకుంటే జనం కొత్తదే కొంటారు, అన్నాడు. కొత్తవాటి ధర దిగితే పాతవాటిదీ దిగాల్సిందేగా. పైగా పెట్రోలు చిన్న కార్లకి పన్ను తగ్గింది కదా, అవీ చవకైపోయాయి. బ్యాటరీ ఎంత బాగుందో చూడమంటే, అది మాకు లెక్క కాదు, మోడలే లెక్క అన్నాడు."

తలుపు దగ్గర నిలబడి వింటున్న రఘురామ్ ముఖంలో, తను చెప్పిందే జరిగిందన్న తృప్తీ, ఆ పిల్లను చూసి కలిగిన జాలీ కలగలిసి ఏదో వింత భావం కనబడింది. "చూశావా" అని మొదలుపెట్టి, అరుంధతి కళ్ళు చూసి, "టీ తాగుతావామ్మా?" అని ముగించాడు.

ఆయన టీ పెట్టడానికి వెళ్ళాక అరుంధతి గొంతు తగ్గించి అడిగింది. "ఆ కారు నాకైతే ఎలా ఉంటుంది?"

ఎల్సా ఆమె చెయ్యి వదిలేసింది. "మీకా?"

"నేను రోజుకి వంద కిలోమీటర్లు తిరగను. వారానికి వంద తిరిగితే గొప్ప. హారిక దగ్గరికి పోయి రావడానికి డెబ్భై. రెండొందలు పోయే కారు చాలదా?"

ఎల్సా వెంటనే అవునన్లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, పేషెంటుకు ఆపరేషన్ గురించి చెప్పినట్టు కారు తెగుళ్ళన్నీ చెప్పింది. ఇప్పుడు ఎండాకాలంలో నూటతొంభై, చలిలో నూటఅరవై అనుకోవాలి. ఫాస్ట్ చార్జింగు నెమ్మది. తెర మీద మ్యాపు కొత్తగా అప్‌డేట్ కావడం మానేసి ఏడాదైంది. బ్యాటరీకి వారంటీ ఎనిమిదేళ్ళు లేదా లక్షా అరవైవేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది.

అరుంధతి ఆ చివరి మాట దగ్గర ఆగింది. "అంటే నీ దగ్గరుంటే మిగిలిన యాభైవేల కిలోమీటర్లూ రెండేళ్ళలో తిరిగేస్తావు. వారంటీ అయిపోతుంది. నా దగ్గరుంటే ఆ కిలోమీటర్లు కాదు, ఏళ్ళే ముందు అయిపోతాయి. ఇంకో మూడేళ్ళు ఉంటుంది."

"అవును ఆంటీ. కానీ రెండో ఓనరుకి ఆ వారంటీ వస్తుందో లేదో కంపెనీని అడిగి, రాతలో తీసుకోవాలి. మాట మీద నమ్మొద్దు. నా మాట మీద కూడా."

ఆ రాత్రి భోజనాల దగ్గర అరుంధతి విషయం చెప్పింది. రఘురామ్ ముద్ద ఆపాడు.

"అయిదు లక్షలకు కొంటావా దాన్ని? సంక్రాంతి దాటనీ. జనవరిలో కొత్త మోడళ్ళు వస్తున్నాయి. అప్పుడు అది నాలుగుకొస్తుంది."

"ఉగాదికి?"

"ఇంకా తగ్గుతుంది."

"వచ్చే దీపావళికి ఎవరో ఊరికే ఇస్తారు. అప్పటికి నాకు స్టీరింగు తిప్పే ఓపిక ఉంటుందా?"

"అది కాదు. రేపు నువ్వు దాన్ని అమ్మబోతే ఎవరూ కొనరు."

"నేనమ్మను. అమ్మేవాళ్ళకి కదండీ అమ్మకం ధర! ఆ కారు ధర పడాల్సినంతా ఎల్సా దగ్గరే పడింది. ఇంకా పడితే ఎంత పడుతుంది? పదిహేను లక్షలది పదికి పడితే గుండె గుభేల్మంటుంది. అయిదుది మూడుకి పడితే, మూడేళ్ళు తిరిగాం అనుకుంటాను."

"బ్యాటరీ పోతే?"

ఆ భయం ఆమెకూ ఉంది. కారు ఖరీదంత ఉంటుందట కొత్త బ్యాటరీ. "అందుకే ముందు సర్వీస్ సెంటర్లో చూపిస్తాను" అంది. "బాగోలేదంటే కొనను."

తన పెన్షన్ డబ్బులు, తన నిర్ణయం. శనివారం ఎల్సాతో కలిసి సర్వీస్ సెంటరుకు వెళ్ళింది. లోపల మెకానిక్ కారుకు తీగ తగిలించి, ల్యాప్‌టాప్‌లో కాసేపు చూసి, ఒక కాగితం ప్రింటు తీసిచ్చాడు. కొత్తలో ఉన్న సామర్థ్యంలో ఎనభై ఎనిమిది శాతం మిగిలి ఉంది. సెల్స్ అన్నీ దాదాపు సమానంగా ఉన్నాయి. "దీదీ, బహుత్ సంభాల్ కే చలాయీ హై" అని, చాలా జాగ్రత్తగా నడిపారని మెచ్చుకున్నాడు ఎల్సాను చూసి. రోజూ ఇంటి దగ్గర నెమ్మదిగా చార్జి చేసుకోవడం, అవసరమైతే తప్ప ఫాస్ట్ చార్జరు ముట్టుకోకపోవడం దానికి మేలు చేసిందట. రెండో ఓనరుకూ మిగిలిన వారంటీ వర్తిస్తుందని కౌంటరులో మేనేజరు చెప్పాడు. అరుంధతి కదల్లేదు. "ఆ ముక్క ఈమెయిల్లో పంపండి బాబూ" అంది. అది ఫోనులోకి వచ్చాకే లేచింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎల్సా ఖాళీ రోడ్డు చూసి కారు ఆపి, "మీరు నడపండి" అంది. అరుంధతి భుజం ఇంకా పూర్తిగా సర్దుకోలేదు గానీ, గేరు మార్చే పని లేదు. స్టీరింగు అరచేతికింద వెన్నలా తిరిగింది. చప్పుడే లేదు. కాలు కొంచెం నొక్కేసరికి కారు ముందుకు దూకింది. ఇద్దరూ ఒకేసారి "అమ్మో" అన్నారు. తర్వాత చాలాసేపు నవ్వారు.

ధర దగ్గర ఇద్దరికీ మొహమాటం వచ్చింది. ఎల్సా కంపెనీ ఇస్తానన్న అయిదే చాలంది. కంపెనీ దాన్నే ఆరుకు అమ్ముకుంటుందని అరుంధతికి తెలుసు. "వాళ్ళకు పోయే లాభం మనం చెరిసగం పంచుకుందాం" అంది. అలా అయిదున్నరకు తేలింది.

రఘురామ్ రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడాడు. మూడో రోజు సమస్య వేరే చోటి నుంచి వచ్చింది. పార్కింగులో చార్జింగు సాకెట్టుకు విడిగా మీటరు కావాలని అరుంధతి కరెంటు కంపెనీకి దరఖాస్తు పెడితే, సొసైటీ సెక్రటరీ ఖురానా అడ్డం పడ్డాడు. "ఆగ్ లగ్ గయీ తో?" అంటూ, నిప్పంటుకుంటే ఎవరిది పూచీ అని, జనరల్ బాడీ మీటింగు దాకా ఆగమన్నాడు.

ఆగమనే మాట ఇంకొకడి నోటి నుంచి వినేసరికి రఘురామ్‌కు ఎక్కడో తగిలింది. ఆ ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సొసైటీ ఆఫీసుకు వెళ్ళాడు. రెండేళ్ళుగా చదివిన చదువంతా అక్కడ బయటికి తీశాడు. ప్రత్యేకమైన లైను, సరైన ఎర్తింగు, దానికో బ్రేకరు ఉంటే అది గీజరు కన్నా ప్రమాదం కాదని వివరించాడు. సొంత జాగాలో చార్జరు పెట్టుకోవడానికి ఉన్న ప్రభుత్వ నిబంధనలు ఒక్కొక్కటే చదివి వినిపించాడు. అరగంటకు ఖురానా చేతులెత్తాడు. "ఠీక్ హై, ఠీక్ హై. ఆప్ జీతే."

ఇంటికొచ్చి "అయిపోయింది" అన్నాడు రఘురామ్ చెప్పులు విప్పుతూ.

"ఏం చెప్పారేంటి?"

"ఆగక్కర్లేదని చెప్పాను" అన్నాడు. అన్నాక తనకే నవ్వొచ్చింది.

కుండీలు బాల్కనీలోకి వెళ్ళాయి. కారు కిందికొచ్చింది. డిసెంబరులో ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ గ్రేటర్ నోయిడా బయల్దేరారు. పొగమంచు, చలి. హీటరు వేయగానే తెర మీద దూరం తగ్గుతూ పోయింది. రఘురామ్ దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "హీటరు తీసేద్దామా?" అన్నాడు మూడుసార్లు. అరుంధతి శాలువా తీసి ఆయన ఒళ్ళో వేసింది.

హాస్టలు గేటు దగ్గర హారిక కళ్ళు పెద్దవి చేసింది. "మమ్మీ, తుమ్‌నే చలాయీ? నువ్వే నడిపావా? సీరియస్లీ?" అంటూనే ముగ్గురు స్నేహితురాళ్ళను వెనక సీట్లోకి తోసింది. అరుంధతి వాళ్ళను తిప్పింది, పకోడీలు తినిపించింది, దింపింది. ఇల్లు చేరేసరికి ముప్ఫై ఎనిమిది శాతం చార్జి మిగిలింది. రఘురామ్ ఊపిరి పీల్చుకున్నాడు. "కుండీలకి మట్టి కూడా తెచ్చుకోవాల్సింది" అంది ఆమె.

ఎల్సా కొత్త కారులో తిరుగుతోంది. ఒకసారి చార్జి చేస్తే రెండు రోజులకు పైగా వస్తోందని, గ్రేటర్ నోయిడాలో పేషెంట్లు పెరిగారని చెప్పింది. ఇది కూడా అయిదేళ్ళకు మూడో వంతుకే పోతుందేమో అని అరుంధతి అంటే, "పోనీండి ఆంటీ. ఈసారి ఆ లెక్క ముందే వేసుకుని కొన్నాను" అంది. భుజం దాదాపు బాగైంది. ఇప్పుడు నెలకొకసారి చూసి వెళ్తోంది.

జనవరిలో నిజంగానే కొత్త మోడళ్ళు వచ్చాయి. రఘురామ్ చెప్పింది చెప్పినట్టే జరిగింది. అరుంధతి కొన్నలాంటి కార్లు ఇంకో యాభైవేలు దిగాయి. ఆయన ఫోను తెచ్చి ఆమెకు చూపించాడు. ఈసారి ఆ గొంతులో గెలిచిన ధ్వని లేదు, వాతావరణం చదివి వినిపించినట్టు ఉంది.

"యాభైవేలా" అంది అరుంధతి ఆలోచిస్తూ. ఈ రెండు నెలల్లో ఎక్కడెక్కడికి వెళ్ళిందో మనసులో తిప్పుకుంది. హాస్టలుకి నాలుగుసార్లు. నర్సరీకి. ఢిల్లీ అవతలి కొసన ద్వారకలో ఉండే పాత స్నేహితురాలు లలితకుమారి ఇంటికి, పదేళ్ళ తర్వాత. పొద్దున్నే ఎవరినీ పిలవకుండా, ఎవరికీ చెప్పకుండా ఊరికే యమున వంతెన దాటి వెనక్కి వచ్చిన రోజు. "ఎక్కువేం కాదులెండి" అంది.

"నేను కొంటే మాత్రం ఇంకో ఏడాది ఆగుతాను" అన్నాడాయన.

"మీరు ఆగండి. మీకు మెట్రో ఉంది."

మర్నాడు ఉదయం వాన. చలికాలపు వాన, సూదుల్లా ఉంది. రఘురామ్ గొడుగు తీసి, మళ్ళీ పెట్టి, బాల్కనీలోంచి కిందికి చూశాడు.

"మెట్రో స్టేషను దాకా దింపుతావా?" అన్నాడు.

అరుంధతి అప్పటికే చెప్పులేసుకుంటోంది.